పోగొట్టుకున్నదే సరైన ఆట: బ్లాక్‌జాక్‌లో డబుల్, స్ప్లిట్ ఎప్పుడు చేయాలి

ప్రశ్న: "అన్నా, మాది అనంతపురం. పోయిన నెల ఫ్రెండ్స్‌తో గోవా పోయి మొదటిసారి బ్లాక్‌జాక్ ఆడినాను. డీలర్ పది చూపిస్తున్నప్పుడు నా రెండు ఎనిమిదుల్ని స్ప్లిట్ చేసి రెండూ పోగొట్టుకున్నాను. ఫ్రెండ్స్ బాగా తిట్టినారు. ఇంకోసారి నాకు 11, డీలర్‌కు 6. భయమేసి డబుల్ చేయలేదు, గెలిచినాను. ఇందులో నా తప్పు ఏది? డబుల్, స్ప్లిట్ ఎప్పుడు చేయాలో ఎట్ల తెలుసుకోవాలి?"

తమ్ముడూ, పోగొట్టుకున్న ఆటలో నువ్వు చేసింది సరైన పని. తప్పు చేసింది గెలిచిన ఆటలో. 11 చేతిలో పెట్టుకుని, ఎదురుగా 6 కనిపిస్తుంటే డబుల్ చేయకపోవడం ఈ ఆటలో జనం చేసే ఖరీదైన పొరపాట్లలో ఒకటి. గెలిచావు కాబట్టి అది నీకు పొరపాటుగా కనిపించలేదు, అంతే.

నాది కర్నూలు. పదకొండేళ్లు గోవాలో, తర్వాత కొన్నాళ్లు క్రూయిజ్ షిప్‌లో బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర డీలర్‌గా పనిచేసి ఇంటికొచ్చాను. ముక్కలు పంచే వైపు నిలబడి చూసినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచే చెప్తాను. నీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

బ్లాక్‌జాక్ అంటే ముక్కల లెక్క 21 దాటకుండా డీలర్ లెక్కను మించడం. స్ప్లిట్ అంటే ఒకే రకం జతను, ఇంకో అంతే పందెం పెట్టి, రెండు చేతులుగా విడగొట్టడం. మన పేకాటలో ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించాలి. బ్లాక్‌జాక్‌లో ఆ అవసరం లేదు, ఎందుకంటే డీలర్‌కు సొంత నిర్ణయమే ఉండదు. 16 వచ్చిందా, ఇంకో ముక్క లాగాల్సిందే. 17 వచ్చిందా, ఆగాల్సిందే. ఆసును 1గా అయినా 11గా అయినా లెక్కపెట్టొచ్చు, అందుకని ఆసుతో కలిసిన 17 దగ్గర ఆగాలా లాగాలా అనే ఒక్క చోట టేబుల్‌ను బట్టి రూల్ మారుతుంది. ఆ రూల్ కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. నాకు 16 వచ్చినప్పుడు కస్టమర్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుండేవాళ్లు. ఆ ముక్క లాగడం నాకూ ఇష్టం ఉండేది కాదు, కానీ లాగకుండా ఉండే హక్కు నాకు లేదు. నీ డబుల్ అయినా స్ప్లిట్ అయినా ఆ కట్టుబాటును వాడుకోవడమే.

అందుకే మొదట చూడాల్సింది నీ ముక్కల్ని కాదు, డీలర్ తెరిచిన ముక్కని.

అది 6 అనుకో. మూసిన ముక్క పదో బొమ్మో అయితే డీలర్‌కు 16. పది, జాకీ, రాణి, రాజు అన్నీ పదే కాబట్టి పదమూడు రకాల ముక్కల్లో నాలుగు పదులే. 16 మీద లాగాలి కదా. ఆరు నుంచి రాజు దాకా ఏది వచ్చినా 21 దాటిపోతుంది. అంటే పదమూడు రకాల్లో ఎనిమిది డీలర్‌ను ముంచే ముక్కలు. మూసిన ముక్క చిన్నదైనప్పుడు డీలర్ బయటపడే దారులు ఉంటాయి. వాటన్నిటినీ కలిపి లెక్క కడితే 6 చూపించే డీలర్ వంద ఆటల్లో సుమారు 42 సార్లు 21 దాటి బస్ట్ అవుతాడు. 5 చూపించినా దాదాపు అంతే. 4 అయితే 40, 3 అయితే 37, 2 అయితే 35. ఆ తర్వాత 7 దగ్గరికి రాగానే ఒక్కసారిగా 26కు పడిపోతుంది. 8కి 24, 9కి 23, పదికి 21 దాకా, ఆసుకు ఇంకా తక్కువ.

ఈ అంకెలన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. 6కూ 7కూ మధ్య ఒక గోడ ఉందని గుర్తుంటే చాలు. గోడకు ఇవతల 2 నుంచి 6 దాకా డీలర్ బలహీనంగా ఉంటాడు. అందులోనూ 4, 5, 6 మరీ బలహీనం. 2, 3 చూడటానికి చిన్నగా ఉంటాయి కానీ అంత సులువుగా మునగవు. అవతల 7 నుంచి ఆసు దాకా డీలర్ ఒక మంచి లెక్కకు చేరతాడనే అనుకుని ఆడాలి.

ఇక డబుల్ సంగతి. డబుల్ చేస్తే పందెం రెట్టింపవుతుంది, దానికి బదులు నువ్వు ఒక హక్కు వదులుకుంటావు. ఒకే ఒక్క ముక్క వస్తుంది, అది 2 అయినా ఇంకోటి అడగడానికి లేదు. కాబట్టి ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఒక్క ముక్కతో ఆగిపోయినా నాదే పైచేయిగా ఉంటుందా?

నీ 11నే తీసుకో. 7 నుంచి రాజు దాకా ఏది వచ్చినా నీకు 18 గానీ ఆపైన గానీ అవుతుంది. పదమూడింటిలో ఏడు అవే. మిగతా ఆరింటిలో ఏదొచ్చినా 12 నుంచి 17 మధ్యలో ఇరుక్కుంటావు. అప్పుడు కూడా ఆట పోయినట్టు కాదు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది 6. డీలర్ తనంతట తాను మునిగే అవకాశం నూటికి 42 ఉంది. వంద రూపాయల పందెం మీద 11కు 6 ఎదురైతే, డబుల్ చేయకుండా మామూలుగా లాగితే సగటున 33 రూపాయలు మిగులుతాయి. డబుల్ చేస్తే సుమారు 67. నువ్వు గెలిచిన ఆ ఆటలో సగం డబ్బు టేబుల్ మీదే వదిలి వచ్చావని నేను అనడం ఇందుకే.

అదే 11కు ఎదురుగా పది ఉంటే? డబుల్ చేసేదే, కానీ లాభం బాగా తగ్గుతుంది. డీలర్ మూసిన ముక్క చూసుకుని బ్లాక్‌జాక్, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ పదీ, లేదని తేల్చిన తర్వాత, మామూలుగా లాగితే సగటున 12, డబుల్ చేస్తే 18 దగ్గర. ఆసు ఎదురైతే టేబుల్ రూల్‌ను బట్టి మారుతుంది. డీలర్ ఆసుతో కలిసిన 17 దగ్గర ఆగే టేబుల్‌లో, ఎక్కువ పేక సెట్లతో ఆడుతుంటే, డబుల్ చేయకుండా లాగు.

10 వస్తే డీలర్ 2 నుంచి 9 దాకా డబుల్. పది గానీ ఆసు గానీ చూపిస్తే వద్దు, నీ దగ్గర ఉన్న బలమే అక్కడా ఉంది. 9 వస్తే 3 నుంచి 6 దాకా మాత్రమే. 9కి 2 ఎదురైనప్పుడు ఎందుకు వద్దని చాలామంది అడిగేవాళ్లు. 9 మీద చిన్న ముక్క వస్తే రెండో ముక్క అడగాలనిపించే పరిస్థితి ఎక్కువ, డీలర్ 2 ఏమో అంత సులువుగా మునగదు. వదులుకున్న హక్కు విలువ రెట్టింపు పందెం లాభాన్ని తినేస్తుంది. ఆ తేడా వెంట్రుకంత, కానీ లాగడం వైపే మొగ్గుతుంది. 8, అంతకన్నా తక్కువ వస్తే డబుల్ మాట మర్చిపో.

ఆసు ఉన్న చేతుల మీద కూడా డబుల్ ఉంది. ఆసు-6 అంటే 17 అని ఆగిపోయేవాళ్లను రోజూ చూసేవాణ్ణి. 17తో గెలవాలంటే డీలర్ మునగాల్సిందే, ఇంకో దారి లేదు. పైగా ఆసు ఉంది కాబట్టి ఒక ముక్క లాగినందువల్ల నువ్వు బస్ట్ కావు. అందుకే ఆసు-6, ఆసు-7 వస్తే డీలర్ 3 నుంచి 6 దాకా డబుల్. ఆసు-4, ఆసు-5 అయితే 4 నుంచి 6 దాకా. ఆసు-2, ఆసు-3 అయితే 5, 6 ఎదురైనప్పుడే. మొదట్లో ఇదంతా కష్టమనిపిస్తే, ఆసు చేతులకు 5, 6 ఎదురైతే డబుల్ అని పెట్టుకో, తక్కినవి తర్వాత నేర్చుకోవచ్చు. డబుల్ చేయని చోట ఆసు-6తో ఎప్పుడూ ఆగొద్దు, లాగు.

ఇప్పుడు ఎనిమిదుల దగ్గరికి వద్దాం. నీ ఫ్రెండ్స్ తిట్టింది దీని గురించే కదా.

రెండు ఎనిమిదులంటే 16. ఈ ఆటలో అంతకన్నా చెడ్డ లెక్క లేదు. లాగితే పదమూడింటిలో ఎనిమిది ముక్కలు నిన్ను ముంచుతాయి. ఆగితే డీలర్ మునగాలని దేవుడికి మొక్కుకోవాలి, పది చూపించేవాడు అంత తరచుగా మునగడు. వంద రూపాయలు పెట్టి 16ను ఆగినా లాగినా సగటున సుమారు 54 రూపాయలు పోతాయి. స్ప్లిట్ చేస్తే ఒక్కో 8 మీద ఒక్కో హ్యాండ్ మొదలవుతుంది. 8 మీద పది పడితే 18. అది గొప్ప లెక్క కాదు, పది ముందు 18 కూడా వెనకబడే ఉంటుంది. అయినా ఒక్కో 8 మీద సగటు నష్టం 24 దగ్గర ఆగుతుంది. రెండూ కలిపితే 48.

చూశావా, స్ప్లిట్ చేసినా నష్టమే. రెండు వందలు టేబుల్ మీద పెట్టి సగటున 48 పోగొట్టుకోవడం, వంద పెట్టి 54 పోగొట్టుకోవడం కన్నా మేలు. జనానికి మింగుడు పడనిది ఇదే. రెండు హ్యాండ్లూ కళ్ల ముందు పోతుంటే "డబుల్ నష్టం చేసుకున్నాడు" అనిపిస్తుంది. కొన్నిసార్లు ఒకటి గెలిచి ఒకటి పోయి అసలు దక్కుతుంది, కొన్నిసార్లు రెండూ గెలుస్తాయి. అవి ఎవరికీ గుర్తుండవు.

స్ప్లిట్‌కు రెండు కారణాలు ఉంటాయి, రెండూ వేరు. ఒకటి, చెడ్డ లెక్కను విరగ్గొట్టి నష్టం తగ్గించుకోవడం, పది ముందు ఎనిమిదుల్లాగా. రెండోది, డీలర్ బలహీనంగా ఉన్నప్పుడు టేబుల్ మీద ఎక్కువ డబ్బు పెట్టడం. అవే ఎనిమిదులకు 6 ఎదురైతే రెండు కారణాలూ ఒకేసారి కలిసొస్తాయి. 16తో ఆగితే వందకు సగటున 15 పోతుంది, స్ప్లిట్ చేస్తే నష్టం కాస్తా లాభంగా మారుతుంది.

షిప్‌లో నా టేబుల్ మీద జరిగింది ఒకటి చెప్తాను, మన ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నా మాట విని "మన సీమవాడివేనా" అని పలకరించి కూర్చున్నాడు. యాభై డాలర్ల పందెం. ఆయనకు రెండు ఎనిమిదులు, నాది 6. స్ప్లిట్ చేశాడు, యాభై వంద అయింది. మొదటి 8 మీద 3 పడింది. 11 కాబట్టి డబుల్ చేశాడు, నూట యాభై. దాని మీద 9 వచ్చి 20 అయింది. రెండో 8 మీద రాణి, 18. ఆగాడు. నేను మూసిన ముక్క తిప్పితే జాకీ, 16. టేబుల్ చుట్టూ అందరి మొహాలూ వెలిగాయి. తర్వాత లాగిన ముక్క 5. నాకు 21. నూట యాభై డాలర్లూ నేనే తీసుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆ 5 వైపు చూసి, "ఆట మాత్రం సరిగ్గానే ఆడినాం కదప్పా" అన్నాడు. అవును సార్, ఒక్క తప్పు కూడా లేదని చెప్పాను. తర్వాతి ఆటకు మళ్లీ అదే యాభై పెట్టాడు. నా ఉద్యోగంలో ఫలితాన్నీ నిర్ణయాన్నీ అంత స్పష్టంగా విడదీసి చూసినవాళ్లు చాలా తక్కువ మంది.

ఇందులో డబ్బు సంగతి కూడా గమనించు. యాభైతో మొదలైన ఆట నూట యాభైకి పోయింది. చేతిలో చివరి చిప్ పెట్టి కూర్చుంటే డబుల్, స్ప్లిట్ చేయలేవు. వాటిని వదిలేస్తే ఈ ఆటలో నీకున్న మంచి అవకాశాలన్నీ పోయినట్టే. ఒక్కో పందానికి నాలుగు రెట్లు పక్కన ఉండేలా పందెం సైజు పెట్టుకో. టేబుల్ కనీస పందానికే అంత లేకపోతే ఆ టేబుల్ నీది కాదు.

మిగతా జతలు త్వరగా చెప్తాను. ఆసుల జతను ఎప్పుడూ స్ప్లిట్ చెయ్యి. కలిపి చూస్తే 12, విడదీస్తే రెండు 11లు. చాలా టేబుళ్లలో ఒక్కో ఆసు మీద ఒక్క ముక్కే ఇస్తారు, పది పడినా దాన్ని 21గా చూస్తారు తప్ప బ్లాక్‌జాక్‌గా కాదు. అయినా స్ప్లిట్టే మేలు. పదుల జతను ఎప్పుడూ ముట్టుకోవద్దు. 20కి 6 ఎదురైతే వందకు సగటున 70 లాభం, స్ప్లిట్ చేస్తే పందెం రెట్టింపయినా అది 60 లోపే ఉంటుంది. ఐదుల జతను జతగా చూడకు, అది 10, డబుల్ చేసుకునే లెక్క. 2, 3, 7 జతలకు డీలర్ 2 నుంచి 7 దాకా స్ప్లిట్. 6 జతకు 2 నుంచి 6 దాకా. 4 జతకు 5, 6 ఎదురైతేనే. స్ప్లిట్ చేశాక మళ్లీ డబుల్ చేయనిచ్చే టేబుల్‌కు ఇవి. డబుల్ చేయనివ్వకపోతే 4 జతను వదిలెయ్. 2, 3 జతలకు 4 నుంచి 7 దాకా, 6 జతకు 3 నుంచి 6 దాకా అని కుదించుకో.

తొమ్మిదుల జత దగ్గర కాస్త ఆగాలి, నాకు బాగా ఇష్టమైన లెక్క అది. 2 నుంచి 6 దాకా స్ప్లిట్, 8, 9 ఎదురైనా స్ప్లిట్, కానీ మధ్యలో 7 ఎదురైతే ఆగాలి. డీలర్ 7 మీద పది ఉంటే అతనిది 17, అక్కడే ఆగిపోవాలి. నీ 18 దాన్ని ఒక్క మెట్టుతో కొడుతుంది. గెలుస్తున్న హ్యాండ్‌ను విడగొట్టడం ఎందుకు? 8 ఎదురైతే అతనికి 18 వచ్చే అవకాశం ఎక్కువ, 9 ఎదురైతే 19. అప్పుడు నీ 18 సమం కావడమో ఓడిపోవడమో జరుగుతుంది కాబట్టి విడగొడతావు. పదీ ఆసూ ఎదురైతే విడగొట్టినా ఉపయోగం లేదు, ఆగు. ఈ ఒక్క జత అర్థమైతే పట్టిక మొత్తం వెనక ఉన్న ఆలోచన అర్థమైనట్టే.

ఇది ఎవరో జూదగాడు అనుభవంతో చెప్పిన చిట్కా కాదు. 1950ల్లో అమెరికా సైన్యంలో ఉన్న బాల్డ్విన్, క్యాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అనే నలుగురు కంప్యూటర్ లేకుండా బల్ల మీద పెట్టుకునే క్యాలిక్యులేటర్లతో ఈ లెక్కలు కట్టారు. 1956లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. తర్వాత కంప్యూటర్ల మీద సరిచూస్తే కొద్ది చోట్ల మాత్రమే మార్పులు అవసరమయ్యాయి.

నీ ఎనిమిదుల విషయంలో ఒక మినహాయింపు చెప్పాలి. డీలర్ మూసిన ముక్క ముందే తీసుకుని, పదో ఆసో చూపిస్తున్నప్పుడు దాన్ని చూసుకుని బ్లాక్‌జాక్ ఉంటే అక్కడే ఆట ఆపేసే టేబుల్‌కు నేను చెప్పింది వర్తిస్తుంది. కొన్ని టేబుళ్లలో డీలర్ ఒక్క ముక్కే తీసుకుని, అందరూ ఆడేశాక రెండోది తీసుకుంటాడు. అప్పుడు పది మీద ఆసు పడితే, పదమూడింటిలో ఒకసారి పడుతుంది, నీ స్ప్లిట్ పందెం, డబుల్ పందెం అన్నీ పోతాయి. అట్లాంటి టేబుల్‌లో పది, ఆసు ఎదురైతే ఎనిమిదుల్ని స్ప్లిట్ చేయకుండా లాగు, 11ను కూడా డబుల్ చేయకుండా లాగు. ఆసుల జతను కూడా డీలర్ ఆసు ముందు విడగొట్టవద్దు. కూర్చునే ముందు డీలర్‌ను అడుగు, చెప్తారు. ఆ రోజు నీ ముందున్న డీలర్‌కు మూసిన ముక్క ఉందో లేదో గుర్తు తెచ్చుకో. లేకపోతే మాత్రం ఆ స్ప్లిట్ విషయంలో నీ ఫ్రెండ్స్ మాటే నిజం.

ఇంకో రూల్ కూడా చూసుకో. బ్లాక్‌జాక్ వస్తే రెండు రూపాయలకు మూడు ఇచ్చే టేబుల్‌లోనే కూర్చో. ఐదుకు ఆరు ఇచ్చేవి కూడా ఉన్నాయి, వాటిలో ఎంత బాగా ఆడినా ఫలితం ఉండదు. మంచి రూల్స్ ఉన్న టేబుల్‌లో ఈ పట్టిక ప్రకారం ఒక్క తప్పు లేకుండా ఆడినా వందకు అర్ధ రూపాయి దాకా కేసినోదే పైచేయి. ఐదుకు ఆరు టేబుల్ దాని మీద ఇంకో రూపాయిన్నర దాకా గుంజుతుంది. ఈ పట్టికతో ఇల్లు గడుస్తుందని ఎవరైనా చెప్తే నమ్మవద్దు. ఫోన్లో ఆడదామని కూడా చూడకు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేలు నిషేధం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక పేక సెట్టు చాలు. అందులోంచి 6 ఒకటి తీసి డీలర్ ముందు తెరిచి పెట్టు. నీ ముందు 5, 6 పెట్టు, 11. మిగతా పేక బాగా కలిపి, నీకొక ముక్క వేసి, డీలర్ ఆట రూల్ ప్రకారం పూర్తి చేసి, గెలుపోటములు కాగితం మీద గీతలు గీస్తూ పో. ప్రతిసారీ మళ్లీ కలుపు. యాభై సార్లు అయ్యాక డీలర్ ముందున్న 6 తీసేసి పది పెట్టి ఇంకో యాభై సార్లు చెయ్యి. మా ట్రైనింగ్‌లో మొదటి వారం మాతో చేయించింది ఇదే. గీతలు చూశాక 6 ముందు డబుల్ చేయడానికి చెయ్యి వణకదు. ఆ తర్వాత రెండు ఎనిమిదులు పెట్టి, ఒకసారి పది ముందు, ఒకసారి 6 ముందు ఆడి చూడు. నీ ఫ్రెండ్స్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతే గీతలు గీయించు.